వెల్లడి పత్రాలన్నిటిలోనూ ‘లేదు’ అనే వస్తుంటే: పరస్పర విరుద్ధ ప్రయోజనాల నిబంధనలో లోపాలు, పరిష్కారాలు

ప్రవర్తనా నియమావళిలో పరస్పర విరుద్ధ ప్రయోజనాల గురించి, అంటే ఉద్యోగి సొంత ప్రయోజనమూ కంపెనీ ప్రయోజనమూ ఢీకొనే పరిస్థితుల గురించి, ఒక అధ్యాయం రాసి, ఉద్యోగులందరితో సంతకాలు చేయించిన తర్వాత కూడా అది పనిచేయడం లేదని కొన్ని గుర్తుల వల్ల తెలుస్తుంది. వంద నుంచి మూడు వందల మంది ఉద్యోగులుండే ప్రైవేటు కంపెనీలో ఈ అధ్యాయాన్ని రాసే లేదా సవరించే వారిని దృష్టిలో పెట్టుకుని, ఆ గుర్తులనూ వాటి వెనుక ఉన్న రాతలోని లోపాలనూ ఇక్కడ చూద్దాం.

సమస్య: ఏటా అందరూ ‘నాకు అటువంటి సంబంధం ఏదీ లేదు’ అని రాసి ఇస్తారు, క్యాంటీన్ కాంట్రాక్టరు ఎవరి బావమరిదో మాత్రం ఆఫీసులో అందరికీ తెలుసు.

కారణం చాలాసార్లు ‘బంధువు’ అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఉంటుంది. రాసేవారు కంపెనీల చట్టం, 2013 లోని నిర్వచనాన్ని యథాతథంగా దించేస్తారు. ఆ చట్టమూ దాని కింద వచ్చిన నిబంధనలూ కలిపి చూస్తే బంధువుల జాబితాలో హిందూ అవిభక్త కుటుంబ సభ్యులు, భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటారు. బావమరిది, తోడల్లుడు, మేనల్లుడు, వియ్యంకుడు అందులో లేరు. మన కుటుంబాల్లో పెట్టుబడులూ అప్పులూ వ్యాపార భాగస్వామ్యాలూ ఎక్కువగా నడిచేది ఈ సంబంధాల మీదనే కాబట్టి, ‘లేదు’ అని రాసిన ఉద్యోగి ఆ నిర్వచనం ప్రకారం నిజమే రాసినట్లవుతుంది.

ఆ జాబితా చట్టం తన అవసరాలకు చేసుకున్నది. కంపెనీ తన ఉద్యోగుల కోసం రాసుకునే నియమావళి అంతకంటే విస్తృతంగా ఉండడానికి అది అడ్డు కాదు. అందువల్ల ‘బంధువు’ అనే పదాన్ని వదిలిపెట్టి, ఈ విధంగా రాయడం మంచిది:

“ఉద్యోగి తీసుకునే, సిఫార్సు చేసే లేదా ప్రభావితం చేయగలిగే నిర్ణయం వల్ల తనకు గానీ తన సన్నిహితులకు గానీ లాభం లేదా నష్టం కలిగే అవకాశం ఉంటే, దానిని వెల్లడించాలి. సన్నిహితులు అంటే జీవిత భాగస్వామి; తన వైపు, జీవిత భాగస్వామి వైపు తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఆ తోబుట్టువుల జీవిత భాగస్వాములు, పిల్లలు; తన పిల్లలు, వారి జీవిత భాగస్వాములు, వియ్యంకులు; ఒకే ఇంట్లో నివసించేవారు; వ్యాపార భాగస్వాములు; అప్పుకు గానీ చిట్టీకి గానీ ఒకరికొకరు హామీ సంతకం చేసినవారు.”

చివరి అంశం అనవసరంగా కనిపించవచ్చు. కానీ సరఫరాదారు చిట్టీకి హామీగా ఉన్న అధికారి, ఆ సరఫరాదారు వాయిదాలు కట్టలేకపోతే తానే కట్టాల్సి వస్తుంది గనుక, అతని బిల్లులు త్వరగా చెల్లయ్యేలా చూడడంలో సొంత ప్రయోజనం ఉన్నవాడే అవుతాడు.

నిర్వచనాన్ని ఇంతగా విస్తరించినప్పుడు, వెల్లడించనవసరం లేని ఉదాహరణలు కూడా తప్పక ఇవ్వాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన పెద్ద కంపెనీలో కొద్దిపాటి షేర్లుండి, ఆ కంపెనీ మనకు సరుకు అమ్ముతున్నంత మాత్రాన వెల్లడి అక్కర లేదు. కంపెనీకి ఖాతా ఉన్న బ్యాంకులో భార్య గుమస్తాగా పనిచేస్తూ, మన ఖాతాకు సంబంధించిన నిర్ణయాలతో ఆమెకు సంబంధం లేకపోతే అక్కర లేదు. ఇవి లేకపోతే భయస్తులు ప్రతిదీ రాసి పంపుతారు, ఆ రాశిలో అసలైనవి మరుగున పడతాయి.

సమస్య: వెల్లడి జరుగుతుంది, కానీ ఆర్డరు ఇచ్చేసిన తర్వాత.

డైరెక్టర్లకు చట్టంలోని 184వ సెక్షన్ పెట్టిన పద్ధతిని సగమే అనుకరించడం దీనికి కారణం. డైరెక్టర్లు ప్రతి ఆర్థిక సంవత్సరంలో మొదటి బోర్డు సమావేశంలో ఎంబీపీ-1 ఫారంలో తమ ప్రయోజనాలను తెలపాలి. మధ్యలో ఏదైనా మారితే, ఆ మార్పు తర్వాత జరిగే మొదటి సమావేశంలో తెలపాలి. ఉద్యోగుల నియమావళి రాసేవారు ఏడాదికొకసారి అన్న మొదటి భాగాన్ని తీసుకుని రెండోదాన్ని మరిచిపోతారు. “సంబంధం ఏర్పడిన లేదా తెలిసిన మూడు పనిదినాల లోపల, ఏ సందర్భంలోనైనా ఆ వ్యవహారంలో తదుపరి చర్య తీసుకోకముందే” అన్న మాటలు చేర్చితే ఈ లోపం పోతుంది.

సమస్య: ఉద్యోగి ముందే చెప్పాడు; అయినా వ్యవహారం చెడింది.

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కాబట్టి ఒక ఊహాజనిత ఉదాహరణతో వివరంగా చూద్దాం. ఒక కంపెనీలో కొనుగోళ్ల అధికారి తోడల్లుడికి అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. అధికారి ఆ సంగతి తన మేనేజరుకు నోటిమాటగా చెబుతాడు. “మూడు కొటేషన్లు తీసుకో, తక్కువ ధరకే ఇవ్వు, అంతే” అంటాడు మేనేజరు. మూడు కొటేషన్లూ వస్తాయి, తోడల్లుడి ధరే తక్కువ. అయితే పెట్టె కొలతలు, అట్ట పొరల సంఖ్య రాసింది ఆ అధికారే. అవి ఆ యూనిట్‌లోని యంత్రానికి సరిపోయేలా ఉన్నాయి. 50,000 రూపాయలు దాటిన ఆర్డర్లకు జనరల్ మేనేజరు ఆమోదం కావాలి. ఇక్కడ ఆర్డర్లన్నీ 48,000 దగ్గర ఆగుతున్నాయి. పెట్టెలు తడికి మెత్తబడుతున్నాయని గోదాము నుంచి ఫిర్యాదు వచ్చినా బిల్లు మీద ‘సరుకు సరిగా అందింది’ అని సంతకం చేసేదీ ఆయనే. ఆడిటరు అడిగేనాటికి మేనేజరు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. ఎవరికి ఏం తెలుసో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

నిబంధన వెల్లడి దగ్గరే ఆగిపోవడం ఇక్కడ కారణం. వెల్లడి అందిన తర్వాత ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏం చేయాలో అందులో లేదు. పరిష్కారంగా విధానాన్ని ఇలా రాయవచ్చు. వెల్లడి పత్రం నేరుగా కంపెనీ సెక్రటరీకి, ఆ పదవి లేకపోతే మానవ వనరుల అధిపతికి చేరాలి; పై అధికారికి నకలు వెళ్తుంది గానీ నిర్ణయం ఆయనది కాదు. పత్రంలో అడిగేవి ఐదే: సంబంధం ఎవరితో, ఎటువంటిది, ఎప్పటి నుంచి, కంపెనీతో జరిగే వ్యవహారం విలువ సుమారు ఎంత, అందులో ఉద్యోగి పాత్ర ఏమిటి. ఆస్తుల వివరాలు అడగకూడదు. అడిగితే నింపేవారు తగ్గిపోతారు. ఐదు పనిదినాల లోపల లిఖితపూర్వకంగా నిర్ణయం ఇవ్వాలి, అప్పటిదాకా ఆ వ్యవహారం నిలిచి ఉండాలి. పత్రమూ నిర్ణయమూ రెండూ ఒకే రిజిస్టరులో నమోదు కావాలి. ఆ రిజిస్టరును చూసే అధికారం నిర్ణయించేవారికీ ఆడిటరుకూ మాత్రమే ఉండాలి.

‘ఉద్యోగి ఆ వ్యవహారం నుంచి తప్పుకోవాలి’ అని ఒక్క వాక్యం రాస్తే కొటేషన్ ఎంపిక నుంచి మాత్రమే తప్పుకుంటారు. పై ఉదాహరణలో నష్టం అంతకు ముందూ తర్వాతా జరిగింది. కాబట్టి కొలతలు, నాణ్యత నిర్ణయించడం, కొటేషన్లు పిలిచి ఎంచడం, సరుకు తనిఖీ, బిల్లు ధ్రువీకరణ అనే నాలుగు దశలనూ పేరుపేరునా చెప్పాలి. ఆయన స్థానంలో ఆ పని చేసే వ్యక్తి ఆయన కింద పనిచేసేవాడై ఉండకూడదని కూడా రాయాలి. తన జీతం పెంపును సిఫార్సు చేసే అధికారి తోడల్లుడి సరుకును తిప్పి పంపడం ఏ కిందిస్థాయి ఉద్యోగికీ తేలిక కాదు.

సమస్య: వెల్లడించడమంటే నేరం ఒప్పుకోవడమేనని ఉద్యోగులు భయపడతారు.

ఈ అధ్యాయాన్ని లంచాలు, మోసాల పక్కనే పెట్టి, మొదటి వాక్యంలోనే శిక్షలు చెప్పడం వల్ల ఇలా జరుగుతుంది. సంబంధం ఉండడం తప్పు కాదని, వెల్లడించి నిర్ణయం ప్రకారం నడుచుకున్న వారిపై ఆ సంబంధం కారణంగా చర్య ఉండదని ముందే చెప్పి, దాచడానికి విధించే చర్యను అధ్యాయం చివర ఉంచాలి. కొత్త నిబంధన అమలులోకి వచ్చేటప్పుడు, అప్పటికే నడుస్తున్న కాంట్రాక్టుల విషయంలో వెల్లడికి 30 రోజుల గడువు ఇచ్చి, ఆ గడువులో వచ్చిన వాటిని ఆలస్యంగా లెక్కించబోమని రాయాలి. సెక్రటరీకే సంబంధమున్న వ్యవహారమైతే పత్రం మేనేజింగ్ డైరెక్టరుకు, మేనేజింగ్ డైరెక్టరుకే సంబంధముంటే బోర్డుకు చేరాలని ఈ గడువు వాక్యం పక్కనే ఉండాలి.