కాకికి మీ ముఖం కనిపించనివ్వండి

పిల్లలూ, కాకితో స్నేహం చేయాలనుందా? టోపీ, మాస్కు తీసేసి నిలబడండి. అది గుర్తుపెట్టుకునేది మీ బట్టల్ని కాదు, ముఖాన్ని.

2006లో అమెరికాలోని సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త బృందం ఆదిమానవుడి ముసుగు వేసుకుని 7 కాకుల్ని పట్టింది. కాళ్లకు గుర్తు కోసం రింగులు తొడిగి వదిలేసింది. ఆ తర్వాత అదే ముసుగుతో ఎవరు నడిచినా, పొడుగైనా పొట్టైనా, కాకులు ఒకటే అరుపులు! మరో ప్రయోగంలో, కొన్ని వారాలు తిండి పెట్టిన ముఖం కనిపిస్తే కాకి మెదడు వేరేలా స్పందించింది. పట్టుకున్న ముఖం కనిపిస్తేనేమో భయానికి సంబంధించిన భాగం చురుకైంది. అంటే మంచి చేసినవాళ్లూ దానికి గుర్తే.

కాబట్టి రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఉప్పులేని నాలుగు వేరుశనగ గింజలు పెట్టండి. పెట్టి పది అడుగులు వెనక్కి రండి. కళ్లలోకి గుచ్చి చూడకండి, ఎగిరిపోతుంది. గూట్లో పిల్లలుంటే ఆ చెట్టు దగ్గరికే వెళ్లొద్దు, తల మీద తన్నేస్తుంది. మొదట్లో మీరు వెళ్లిపోయాకే దిగుతుంది. కొన్నాళ్లకు మీరింకా గింజలు తీయకముందే వచ్చి గోడమీద వాలిందా, మిమ్మల్ని గుర్తుపట్టిందన్నమాటే.