స్పానిష్ సొంతంగా, 7వ భాగం: పరిచయం రాసుకున్నాక చూసుకోవాల్సిన సేర్-ఎస్తార్, పోర్-పారా

పోయిన భాగంలో ఏడెనిమిది వాక్యాల్లో మీ గురించి స్పానిష్‌లో రాయమన్నా కదా, వచ్చినవాటిల్లో ఒకటి తీసుకుని ఇవాళ మొత్తం దాని మీదే కూర్చుందాం. రాసినాయన విజయవాడ మనిషి, గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. పేరున్న వాక్యం తీసేశా, మిగతాదంతా ఆయన రాసినట్టే ఉంచా. ఎప్పట్లానే తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, పైకి చదువుతూ రండి.

ఓలా. ఎస్తొయ్ దె విజయవాడ, పేరో అఓరా సొయ్ ఎన్ గుంటూర్ పారా మి త్రబాహో. ఎస్తొయ్ కొంతదోర్. త్రబాహో పోర్ ఉనా ఎంప్రేసా కె ఎక్స్‌పోర్తా చీలెస్. మి ఒఫిసీనా ఎస్ సేర్కా దెల్ మిర్చి యార్డ్. ఎస్తూదియో ఎస్పన్యోల్ పోర్ దోస్ మేసెస్, పోర్ అబ్లార్ కొన్ లోస్ క్లియేంతెస్ దె మెహికో. లోస్ దొమింగోస్ సొయ్ అబుర్రీదో. గ్రాసియాస్ పారా లెయేర్.

ఆయన చెప్పాలనుకున్నది ఇది: మాది విజయవాడ, ఇప్పుడు ఉద్యోగం మీద గుంటూరులో ఉన్నా. అకౌంటెంట్‌ని. మిర్చి ఎగుమతి చేసే కంపెనీకి పనిచేస్తున్నా. మా ఆఫీసు మిర్చి యార్డు దగ్గర. రెండు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నా, మెక్సికో కస్టమర్లతో మాట్లాడ్డానికి. ఆదివారాలు బోర్ కొడుతుంది. చదివినందుకు థాంక్స్.

మాటలన్నీ కరెక్టే, స్పెల్లింగులూ కరెక్టే, మెక్సికో ఆయన చదివితే విషయం అర్థం కూడా అయిపోతుంది. కానీ ఇంగ్లీషు 'బి' ఒక్కదానికి స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి, సొయ్, ఎస్ అనేవి సేర్ రూపాలు, ఎస్తొయ్, ఎస్తా అనేవి ఎస్తార్ రూపాలు. ఈ సేర్-ఎస్తార్ ఎక్కడ వాడాడో అక్కడల్లా తిరగబడ్డాయి, ఇంగ్లీషు ఫర్ లాంటి చోట్ల వచ్చే పోర్-పారా కూడా అంతే, అవి అయిదు ఇవి అయిదు. అన్నీ తిరగబడ్డాయంటే గుడ్డిగా వేసినవి కావు, తలలో ఏదో ఒక రూల్ పెట్టుకుని దాని ప్రకారం పోయాడన్నమాట.

ఆ రూల్ ఏంటో ఊహించడం కష్టం కాదు, సగం యాప్‌లలో అదే చెప్తారు: శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్. ఈయన ఆలోచన ఎలా పోయుంటుందో చూడండి, విజయవాడ వదిలేసి వచ్చా కాబట్టి అది తాత్కాలికం, ఎస్తొయ్. అకౌంటెంట్ పని రేపు మారొచ్చు, ఎస్తొయ్. ఆఫీసు ఎక్కడికీ పోదు కదా, ఎస్. రూల్ ప్రకారం చూస్తే తప్పు పట్టలేం, తప్పంతా రూల్‌దే. గుంటూరు ఆంధ్రలోంచి లేచి ఎక్కడికీ వెళ్ళదు, అయినా స్పానిష్‌లో గుంటూర్ ఎస్తా ఎన్ ఆంధ్ర ప్రదేశ్ అనే అనాలి. చచ్చిపోయినవాణ్ణి ఎస్తా ముయేర్తో అంటారు, అంతకన్నా శాశ్వతం ఏముంటుంది. డిగ్రీ మూడేళ్ళలో అయిపోతుందని తెలిసినా స్టూడెంట్ మాత్రం సొయ్ ఎస్తుదియాంతె అనే చెప్పాలి. నన్నడిగితే ఈ శాశ్వతం-తాత్కాలికం గోల పూర్తిగా మర్చిపోవడమే మంచిది.

మనకి ఇంకో దారి ఉంది, పైగా అది మన నోట్లోనే ఉంది. మీ వాక్యాన్ని ముందు తెలుగులో మామూలుగా చెప్పుకుని చివర్న 'ఉన్నా' గానీ 'ఉంది' గానీ పెట్టి చూడండి. నేను అకౌంటెంట్‌ని. దీనికి 'ఉన్నా' అతుకుతుందా? 'అకౌంటెంట్‌ని ఉన్నా' అని ఎవరూ అనరు, కాబట్టి సేర్, సొయ్ కొంతదోర్. మాది విజయవాడ. 'మాది విజయవాడ ఉంది' అనం, కాబట్టి సొయ్ దె విజయవాడ. గుంటూరులో ఉన్నా, అక్కడ 'ఉన్నా' పైకే కనిపిస్తోంది, ఎస్తొయ్ ఎన్ గుంటూర్. ఆఫీసు మిర్చి యార్డు దగ్గర అన్నప్పుడు 'ఉంది' కనపడదు, మనం మింగేస్తాం, కానీ పెట్టి చూస్తే హాయిగా అతుకుతుంది, 'యార్డు దగ్గర ఉంది', కాబట్టి మి ఒఫిసీనా ఎస్తా సేర్కా దెల్ మిర్చి యార్డ్. బావున్నా అంటే ఎస్తొయ్ బియేన్, అలిసిపోయి ఉన్నా అంటే ఎస్తొయ్ కాన్సాదో. పరిచయంలో వచ్చే వాక్యాలు చాలావరకు దీంతోనే తేలిపోతాయి.

తేలనివి రెండు చోట్ల తగుల్తాయి. ఒకటి, మనిషి ఎలా ఉంటాడో చెప్పేటప్పుడు. మా అన్న పొడుగ్గా ఉంటాడు అంటాం, ఇక్కడ ఉండటం వచ్చేసింది కదా అని ఎస్తా వేస్తే పప్పులో కాలేసినట్టే, మి ఎర్మానో ఎస్ ఆల్తో అనాలి. 'ఉన్నాడు'కీ 'ఉంటాడు'కీ ఉన్న తేడా పట్టుకోండి చాలు. పొడుగ్గా ఉంటాడు, నల్లగా ఉంటాడు, ఇవి మనిషి తీరు, సేర్. నీరసంగా ఉన్నాడు, కోపంగా ఉన్నాడు, ఇది ఇప్పటి పరిస్థితి, ఎస్తార్. చోటు గురించి మాత్రం ఈ తేడా పట్టించుకోకండి, గుంటూరులో ఉంటా అన్నా ఉన్నా అన్నా సేర్ రాదు, కాపురమే అక్కడ ఉంటే వీవో ఎన్ గుంటూర్ అనేస్తే ఇంకా మంచిది. రెండోది, ఫంక్షన్లూ మీటింగులూ. మీటింగ్ ఆఫీసులో ఉంది అంటాం, కానీ ఆ 'ఉంది' అంటే నిజానికి 'జరుగుతుంది' అని. జరుగుతుంది అని మార్చగలిగితే అది సేర్, లా రెఉనియోన్ ఎస్ ఎన్ లా ఒఫిసీనా. ఆఫీసు ఎక్కడుందంటే ఎస్తా, ఆఫీసులో మీటింగ్ ఎక్కడంటే ఎస్.

ఇక ఆదివారం సంగతి. మిగతా నాలుగు తప్పులకీ చదివేవాడు మనసులో సరిచేసుకుని ముందుకెళ్ళిపోతాడు, ఇది మాత్రం నవ్వు తెప్పిస్తుంది. సొయ్ అబుర్రీదో అంటే నేను బోరింగ్ మనిషిని అని, లోస్ దొమింగోస్ సొయ్ అబుర్రీదో అంటే వారమంతా బానే ఉంటా, ఆదివారం వచ్చిందంటే అందరికీ బోర్ కొట్టిస్తా అని. తనకి బోర్ కొడుతోందని చెప్పాలంటే ఎస్తొయ్ అబుర్రీదో. ఇలా క్రియ మారితే అర్థమే మారిపోయే మాటలు కొన్నున్నాయి, లీస్తో ఇంకోటి, సొయ్ లీస్తో అంటే తెలివైనోణ్ణి, ఎస్తొయ్ లీస్తో అంటే రెడీగా ఉన్నా. ఇంటర్వ్యూకి రెడీయా అని అడిగితే సి, సొయ్ లీస్తో అన్నారంటే మీ గొప్ప మీరే చెప్పుకున్నట్టు.

ఇప్పుడు పోర్-పారా. ఇక్కడ తిప్పలు రావడానికి కారణం మన 'కోసం'. ఉద్యోగం కోసం వచ్చా, మాట్లాడ్డం కోసం నేర్చుకుంటున్నా, అన్నిటికీ ఒకటే కోసం, పైన ఇంగ్లీషు ఫర్ కూడా తోడైతే చెప్పక్కర్లేదు. అందుకని స్పానిష్ రాసేటప్పుడు ముందు ఆ 'కోసం' తీసేసి వాక్యాన్ని వేరేలా చెప్పుకోండి. '-డానికి' అని వస్తే పారా, '-నందుకు' అనో 'వల్ల' అనో 'మీద' అనో వస్తే పోర్. కస్టమర్లతో మాట్లాడ్డానికి నేర్చుకుంటున్నా, మాట్లాడ్డం ఇంకా ముందుంది, అదే గురి, కాబట్టి పారా అబ్లార్. చదివినందుకు థాంక్స్, చదవడం అయిపోయింది, థాంక్స్‌కి కారణం అది, కాబట్టి గ్రాసియాస్ పోర్ లెయేర్. ఈయన రాసిన పోర్ అబ్లార్ అనేది స్పానిష్‌లో లేకపోలేదు, బండి నడుపుతూ ఫోన్ మాట్లాడినందుకు ఫైన్ పడితే ఉనా ముల్తా పోర్ అబ్లార్ పోర్ తెలేఫోనో అంటారు. చూశారా, మన '-నందుకు' సరిగ్గా ఆ పోర్ మీదే కూర్చుంది.

ఉద్యోగం మీద గుంటూరులో ఉన్నా అన్నదానికి ఆయన పారా మి త్రబాహో అన్నాడు, ఇక్కడ పోర్ రావాలి. పని మీద ఊరెళ్ళడం, పని వల్ల ఊరు మారడం, ఇవన్నీ పోర్ త్రబాహో. కానీ ఎస్తూదియో ఎస్పన్యోల్ దగ్గర మాత్రం రెండూ నడుస్తాయి, అర్థం మారుతుంది. పారా మి త్రబాహో అంటే నా ఉద్యోగానికి పనికొస్తుందని నేర్చుకుంటున్నా, పోర్ మి త్రబాహో అంటే ఉద్యోగం వల్ల నేర్చుకోవాల్సొచ్చింది. ఏది చెప్పాలో మీరే తేల్చుకోవాలి, అక్కడ గ్రామర్ ఏం చెప్పదు.

కంపెనీకి పనిచేస్తున్నా అన్నప్పుడు ఆ 'కి' పారా, త్రబాహో పారా ఉనా ఎంప్రేసా. త్రబాహో పోర్ మి ఎర్మానో అంటే మాత్రం మా అన్న రాలేదు, ఆయన బదులు నేను చేస్తున్నా అని వినపడుతుంది. జీతం ఇచ్చేవాడికి పారా, ఎవరి బదులు కూర్చుంటామో వాళ్ళకి పోర్.

మిగిలింది రెండు నెలలు, ఇక్కడ పోర్ తీసి పారా పెట్టినా బాగుపడదు, రెండూ వద్దు. ఎస్తూదియో పోర్ దోస్ మేసెస్ అంటే రెండు నెలల కోర్సులాగా చదివేసి ఆపేస్తా అన్నట్టుంది. రెండు నెలలుగా అనే మన '-గా'కి స్పానిష్‌లో దెస్దె ఆసె ఉంది, ఎస్తూదియో ఎస్పన్యోల్ దెస్దె ఆసె దోస్ మేసెస్, మొదలుపెట్టి రెండు నెలలైంది, ఇంకా సాగుతోంది.

అన్నీ సరిచేస్తే ఇలా వస్తుంది:

ఓలా. సొయ్ దె విజయవాడ, పేరో అఓరా ఎస్తొయ్ ఎన్ గుంటూర్ పోర్ మి త్రబాహో. సొయ్ కొంతదోర్. త్రబాహో పారా ఉనా ఎంప్రేసా కె ఎక్స్‌పోర్తా చీలెస్. మి ఒఫిసీనా ఎస్తా సేర్కా దెల్ మిర్చి యార్డ్. ఎస్తూదియో ఎస్పన్యోల్ దెస్దె ఆసె దోస్ మేసెస్, పారా అబ్లార్ కొన్ లోస్ క్లియేంతెస్ దె మెహికో. లోస్ దొమింగోస్ ఎస్తొయ్ అబుర్రీదో. గ్రాసియాస్ పోర్ లెయేర్.

ఒక చిన్నమాట, చీలెస్, కొంతదోర్ అనేవి మెక్సికో వాళ్ళకి రాస్తున్నాడు కాబట్టి బానే ఉన్నాయి. అదే స్పెయిన్ కస్టమర్‌కి అయితే కారం మిర్చిని గిందీయా అనీ, అకౌంటెంట్‌ని కొంతాబ్లె అనీ మార్చుకోవాలి. సేర్-ఎస్తార్ సంగతులు మాత్రం ఈ పరిచయం వరకు రెండు చోట్లా ఒకటే.

వచ్చే భాగంలోపు ఇవి చేయండి, ముందు తెలుగులో పైన చెప్పినట్టు మార్చుకుని చూశాకే స్పానిష్‌లోకి వెళ్ళండి. మా చెల్లి పెళ్ళి తెనాల్లో. మా ఇల్లు తెనాలి స్టేషన్ పక్కన. మా చెల్లి నర్సు, సన్నగా ఉంటుంది. ఈ వారం నా బదులు మా తమ్ముడు పనిచేస్తున్నాడు. వీసా తీసుకోవడానికి హైదరాబాద్‌లో ఉన్నా. సాయం చేసినందుకు థాంక్స్. మొదటి రెండు వాక్యాల్లో క్రియ ఒకటే పడిందంటే ఫంక్షన్ల గురించి చెప్పిన ముక్క ఇంకోసారి చదవండి.