మూత్రంలో రక్తం పడి ఆగిపోయిందా? అదే అసలు ప్రమాదం

మా వీధిలో లారీ నడిపే పెద్దాయనకు పోయిన నెల మూత్రాశయం మొత్తం తీసేశారు. ఇప్పుడు మూత్రం పొట్టకు అతికించిన సంచిలోకి పోతోంది. ఆయనకు మొదటిసారి మూత్రం ఎర్రగా పడింది ఏడాది కిందట. నొప్పి లేదు, మంట లేదు. వేడి చేసిందని ఇంట్లో బార్లీ నీళ్లు తాగించారు, ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ రాసిచ్చాడు, రెండో రోజుకల్లా రంగు తేటపడింది. మందు పనిచేసిందనుకున్నారు. కొన్ని నెలలకు మళ్లీ పడింది, మళ్లీ అదే మందు, మళ్లీ ఆగింది. మూడోసారి రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రమే బంద్ అయితే అప్పుడు పరుగెత్తారు. అప్పటికే క్యాన్సర్ కండరంలోకి దిగింది.

చాలామందిని ముంచేది ఈ ఆగిపోవడమే. మూత్రాశయం లోపల పుట్టే క్యాన్సర్ గడ్డ మెత్తగా ఉంటుంది, దాని రక్తనాళాలు చితికి కాస్త కారి, వాటంతట అవే మూసుకుంటాయి. మందు వేసినా వేయకపోయినా ఆగుతుంది. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పైపొరలో ఉండగా దొరికితే మూత్రనాళం గుండానే పరికరం పంపి గీకేస్తారు, కోత ఉండదు. (మళ్లీ వచ్చే అలవాటున్న జబ్బు కాబట్టి తర్వాత కూడా చెకప్‌లు తప్పవు.)

ఎర్రగా పడినవన్నీ క్యాన్సర్ కావు, రాళ్లు, ప్రోస్టేట్, కిడ్నీ జబ్బు ఏదైనా కావచ్చు. అందుకే పరీక్ష. బీట్‌రూట్ తిన్నా, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా రంగు మారుతుంది, కానీ యూరిన్ టెస్టులో ఎర్ర రక్తకణాలు కనిపిస్తే బీట్‌రూట్ సాకు చెల్లదు. పిల్లల్లో, కుర్రాళ్లలో గొంతునొప్పి, జలుబు టైములోనో ఆ తర్వాతో టీ డికాక్షన్ రంగులో పడితే, ముఖం ఉబ్బితే, అది కిడ్నీ వడపోత దగ్గరి వాపు కావచ్చు. బీపీ చూపించి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

స్కానింగ్ నార్మల్ అని ఇంటికొచ్చేయకండి. అల్ట్రాసౌండ్‌కు చిన్న గడ్డలు, పైపొరకు చదునుగా అంటుకున్నవి దొరక్కపోవచ్చు. కెమెరా పెట్టి లోపల చూసే సిస్టోస్కోపీ అవసరమా అని యూరాలజిస్ట్‌ని అడగండి. ముప్ఫై అయిదు, నలభై దాటిన వాళ్లకు, బీడీ సిగరెట్ తాగేవాళ్లకు, మానేసిన వాళ్లకు కూడా ఇది దాదాపు తప్పదు.

ఎర్రగా పడిన వెంటనే ఫోన్‌లో ఫొటో తీయండి. ఆగిపోయినా వెళ్లండి. యూరిన్ కల్చర్ టెస్టులో బ్యాక్టీరియా లేకుండా యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మింగకండి. ఆడవాళ్లయితే నెలసరి అనో ఇన్ఫెక్షన్ అనో తోసెయ్యకండి, నెలసరి అయ్యాక మళ్లీ టెస్ట్ చేయించండి. రక్తం పలచబడే మాత్రల వల్లే అనుకోకండి, వాటిని సొంతంగా ఆపకండి కూడా. ఒక్కసారే పడిందా? వెళ్లండి. ఆగిపోయిందా? అయినా వెళ్లండి. రక్తం గడ్డలు పడి మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి.