ఫ్లాగ్ పడిన రిపోర్టులు 168, చూసే టీఏ ఒక్కడు: ఎక్కడ మొదలుపెట్టాలి

సెమిస్టర్ చివర ఇదే వరస. మినీ ప్రాజెక్ట్ రిపోర్టులు అప్‌లోడ్ అవుతాయి, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఒక్కోదాని పక్కన రంగు డబ్బా, వేరే రాతలతో ఎంత కలిసిందో శాతం పెడుతుంది. మర్నాడు పొద్దున్నే కొత్తగా చేరిన స్కాలర్ ఎవరో నా టేబుల్ దగ్గరకొచ్చి, "అన్నా, నలభై దాటినవన్నీ పైకి పంపేయనా?" అంటాడు. వద్దు నాయనా. ముందు ఒక్క రిపోర్టు తెరిచి, ఆ నలభై ఎక్కడినుంచి వచ్చిందో చూడు. గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. చాలామంది చేయనిది ఆ ఒక్క క్లిక్కే.

లాగిన్ ఎలా, రిపోర్టు ఎలా తెరవాలి లాంటివి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

లక్షణం: ఒక సెక్షన్ మొత్తానికి ఎరుపే

అరవై మంది కలిసి ఒకే రాత్రి కాపీ కొట్టారని అనుకునే ముందు, కుడిపక్క సోర్సుల జాబితా చూడండి. అన్ని రిపోర్టుల్లోనూ పైన అదే సోర్సు కనిపిస్తే అది మనం ఇచ్చిందే: డిక్లరేషన్ పేజీ, సర్టిఫికెట్ పేజీ, ల్యాబ్ మాన్యువల్లోని థియరీ, "ఈ ఫార్మాట్‌లోనే రాయండి" అని పంపిన వర్డ్ ఫైలు. అడిగినట్టు రాసినందుకు పిల్లల్ని పట్టుకుంటామా?

పరిష్కారం సెట్టింగుల్లో ఉంది. రిఫరెన్సులు, కొటేషన్లు, చిన్న చిన్న మ్యాచ్‌లు లెక్కలోంచి తీసేయాలి. చిన్నదంటే ఎంత అనే వాదన వద్దు. యూజీసీ 2018 నిబంధనలే వరుసగా 14 పదాల వరకు కలిసే మామూలు మాటల్ని మినహాయించాయి. ముందుమాట, విషయసూచిక, కృతజ్ఞతలు, ప్రామాణిక సమీకరణాలు కూడా లెక్కలోకి రావు. ఇవన్నీ అసైన్‌మెంట్ స్థాయిలో ఒకేసారి, అందరికీ ఒకేలా పెట్టాలి. ఒక్కో రిపోర్టు తెరిచి "పాపం, ఇతనికి ఇది తీసేద్దాం" అనడం మొదలెట్టారంటే న్యాయం అక్కడే పోయింది. నలభయ్యో రిపోర్టు దగ్గర సెట్టింగ్ మార్చాల్సి వస్తే మార్చండి, కానీ మొదటి నలభై మళ్లీ చూడక తప్పదు.

ఆ నిబంధనల్లోని 10, 40, 60 శాతాల మెట్లను టీఏలు తీర్పులాగా వాడేస్తుంటారు. అవి మినహాయింపులు పోయాక మిగిలే శాతాలు. వాటి కింద చెప్పిన శిక్షలు థీసిస్‌లకు, డిసర్టేషన్లకు, పరిశోధన ప్రచురణలకు ఉద్దేశించినవి. అవి వేయాల్సింది కూడా విచారణ జరిపిన ప్యానెల్. ల్యాబ్‌లో రాత్రి తొమ్మిదింటికి టీ తాగుతూ కూర్చున్న మనం కాదు.

లక్షణం: ఒకే విషయం మీద ఇద్దరు రాశారు, ఒకరికి 7, ఇంకొకరికి 71

నేను కాలు విరగ్గొట్టుకున్నది ఇక్కడే. అందుకే ఇది తీరిగ్గా చెప్తాను.

నా రెండో ఏడాది. గుంటూరు మిర్చి యార్డుకు పనికొచ్చేలా, ఎండుమిర్చిలో తేమ కొలిచే సెన్సర్ మీద రెండు రిపోర్టులు వచ్చాయి. అబ్బాయిది గురువారం వచ్చింది, 7 శాతం. అమ్మాయిది ఆదివారం రాత్రి 11:40కి వచ్చింది, 71 శాతం. ఆమె రిపోర్టులో సోర్సుగా కనిపించింది మా కాలేజీ విద్యార్థి పేపరే. ఇక ఆలోచించేదేముంది అనుకున్నాను. ఆమె పేరు పక్కన "పూర్తిగా కాపీ" అని రాసి హెచ్‌ఓడీ గారికి పంపేశాను. అబ్బాయి రిపోర్టు కనీసం తెరవలేదు, దాని పక్కన పచ్చరంగు ఉంది మరి.

మంగళవారం ఆ అమ్మాయి తెనాలి నుంచి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో అబ్జర్వేషన్ నోట్‌బుక్. అప్పుడు నాకు తట్టని విషయం, ఇప్పుడు ప్రతి కొత్త టీఏకి మొదట చెప్పే విషయం ఇది: సాఫ్ట్‌వేర్ ఒక రిపోర్టును అప్పటికి తన దగ్గర చేరిన వాటితోనే పోల్చగలదు. గురువారం అబ్బాయిది వచ్చినప్పుడు అమ్మాయిది అక్కడ లేదు కాబట్టి మ్యాచ్ రాలేదు. ఆదివారం అమ్మాయిది వచ్చేసరికి అబ్బాయిది సిద్ధంగా ఉంది. శాతం చెప్పేది ఎవరు ఆలస్యంగా పెట్టారన్నదే. ఎవరు రాశారన్నది దానికి తెలియదు. కాపీ కొట్టినవాడికి రాసే పని లేదు కనుక తొందరగా పెట్టేస్తాడు. రాసినవాళ్లు చివరి రాత్రిదాకా దిద్దుకుంటూ కూర్చుంటారు.

ఇద్దర్నీ విడివిడిగా పిలిచి హెచ్‌ఓడీ గారు ఒకే ప్రశ్న వేశారు. టేబుల్లో శాంపిల్ నంబర్లు 6 తర్వాత 8కి దూకాయి, రెండు రిపోర్టుల్లోనూ అంతే. ఏడు ఏమైంది?

అబ్బాయి "టైపింగ్ మిస్టేక్ సార్" అన్నాడు.

అమ్మాయి నోట్‌బుక్ తిప్పి చూపించింది. "ఏడోది తొడిమలు తీయకుండా తూచాను సార్. మిగతావన్నీ తొడిమ తీసినవి. కలిపితే తప్పవుతుందని తీసేశాను." పేజీలో 20 గ్రాములు, ఓవెన్ తర్వాత ఎంత అన్న అంకె, దాని మీద అడ్డంగా గీత. తర్వాత తెలిసింది, బుధవారం అతను "మార్జిన్లు ఎలా పెట్టావో చూస్తా, ఫైల్ పంపవా" అని అడిగాడట.

వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

ఇప్పుడు నేను చేసేది ఇది. మొదట, గడువు ముగిశాక రిపోర్టులన్నీ మళ్లీ తయారయ్యేలా సెట్టింగ్ ఉందో లేదో చూస్తాను. టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో గడువుదాకా మళ్లీ పెట్టుకునే వీలిచ్చే ఎంపిక తీసుకుంటే, గడువు దాటాక బ్యాచ్‌లోని రిపోర్టుల్ని ఒకదానితో ఒకటి పోల్చి శాతాలు మళ్లీ లెక్కేస్తుంది. అలా చేసి ఉంటే ఆ 7 కూడా డెబ్బై దరిదాపుల్లోకి వచ్చేది, నా కళ్లు తెరుచుకునేవి. ఆ రెండో లెక్క వచ్చేవరకు ఒక్క శాతాన్ని కూడా షీట్‌లోకి ఎక్కించను. గడువు దాటి వచ్చిన లేటు రిపోర్టులకు ఈ రక్షణ ఉండదు. వాటిలో విద్యార్థి పేపర్ మ్యాచ్ వస్తే అవతలి రిపోర్టు చేత్తో తెరిచి చూడాల్సిందే.

రెండోది, విద్యార్థి పేపర్ మ్యాచ్ వచ్చిన ప్రతిచోటా షీట్‌లో జంటకు ఒకే వరుస. ఎవరి పేరూ ముందు, వెనక ఉండదు, రోల్ నంబర్ల క్రమమే. ఇద్దర్నీ ఒకే రోజు, ఒకరు బయటికి రాగానే ఇంకొకరిని, అవే ప్రశ్నలతో పిలుస్తాం. ప్రశ్నలు సిద్ధాంతం మీద వేయకండి, అది ఎవరైనా బట్టీ పట్టొచ్చు. రిపోర్టులోని లోపాల మీద వేయండి: మాయమైన రీడింగ్, గ్రాఫ్‌లో ఒక్కటే దూరంగా పడిన చుక్క, రెండుసార్లు వచ్చిన ఫిగర్ నంబర్.

సాక్ష్యంగా నోట్‌బుక్, ఫోన్లో తీసిన ఫొటోలు, గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ పనికొస్తాయి. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో ఆథర్ పేరు చూసి తీర్పు చెప్పకండి. అరండల్‌పేటలో ప్రింట్ తీయించుకుంటూ అక్కడే మార్జిన్లు సరిచేయించుకున్న ఫైల్లో షాపు కంప్యూటర్ పేరే ఉండొచ్చు. పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ తిరిగిన ఫైలు తేదీలు కూడా అంతే.

అలాగని ఆలస్యంగా పెట్టినవాళ్లే అసలు రచయితలని తిప్పి అనుకోవద్దు. నా కథ అలా ముగిసింది, మీది ఇంకోలా ముగియొచ్చు. ఇక ఇదే జబ్బుకు ఒక చిన్న తమ్ముడున్నాడు: డ్రాఫ్ట్ వేరే స్లాట్‌లో పెట్టించి, ఫైనల్ ఇంకో స్లాట్‌లో పెట్టిస్తే, పిల్లవాడి రిపోర్టు వాడి డ్రాఫ్ట్‌తోనే 90కి పైగా కలుస్తుంది. డ్రాఫ్ట్ స్లాట్‌లో పేపర్లు భద్రపరచకుండా ముందే ఆపేస్తే ఈ గొడవే ఉండదు.

లక్షణం: కాపీ లేదు, కానీ ఏఐ శాతం ఎక్కువ

ఏఐ శాతం ఒక్కటే ఉంటే నా దృష్టిలో కేసు లేదు. కాపీ ఫ్లాగ్‌కి ఎదురుగా ఒక సోర్సు ఉంటుంది, తెరిచి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఏఐ ఫ్లాగ్‌కి అలాంటిదేమీ లేదు, అది ఒక అంచనా. టర్నిటినే 20 లోపు వస్తే అంకె చూపకుండా నక్షత్రం గుర్తు పెడుతుంది, 300 పదాల లోపు వచనాన్ని అసలు చూడదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లలో వేస్తే, సగటున సగానికి పైగా ఏఐ రాసినవిగా తేలాయి. పరిమిత పదాలు, ఊహించగలిగే వాక్యాలు అందుకు కారణం. తెలుగు మీడియంలో చదివి, గైడ్‌లోని వాక్యాల అచ్చులోనే ఇంగ్లీషు రాయడం నేర్చుకున్న మన పిల్లల రాత సరిగ్గా అలాగే ఉంటుంది.

కాబట్టి శాతం పక్కన పెట్టి, తేల్చి చూపించగలిగేవి వెతకండి. రిఫరెన్సుల్లో మూడు తీసి వెతకండి, ఆ పేపర్లు నిజంగా ఉన్నాయా? ముగింపులో చెప్పిన ఫలితం వాళ్ల టేబుల్‌తో కలుస్తోందా? ఇవి తేడాగా ఉంటే పిలవండి. లేకపోతే వదిలేయండి. అనుమానం తీరక రెండో డిటెక్టర్‌లో పేస్ట్ చేసి చూసేవాళ్లున్నారు. అది కూడా అలాంటి వాక్యాలకే బోల్తా పడేదే కాబట్టి రెండూ ఒకటే చెప్పినా అదనపు సాక్ష్యం కాదు. పైగా విద్యార్థి పనిని ఊరూపేరూ లేని సైట్‌కి ఇచ్చినట్టు.

లక్షణం: పొద్దున వదిలేసిన కేసునే రాత్రి పైకి పంపారు

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మనది. శాతం క్రమంలో చూస్తే పై నుంచి కోపంగా మొదలై కింద నిద్రతో ముగుస్తాం. రోల్ నంబర్ క్రమంలో చూస్తే ఎప్పుడూ ఆ చివరి సెక్షనే మన నీరసానికి బలి. అందుకే షీట్‌లో ఒక ఖాళీ కాలమ్‌లో ఇది పెట్టి, విలువలుగా పేస్ట్ చేసి, దాని ప్రకారం సార్ట్ చేయండి. విలువలుగా మార్చకపోతే అంకెలు ప్రతిసారీ మారిపోతాయి.

```
=RAND()
```

పేరు, శాతం కాలమ్‌లు దాచేయండి. నిర్ణయాలు మూడే: వదిలేయడం, పిలిచి అడగడం, పైకి పంపడం. పిలవకుండా ఎవర్నీ పైకి పంపకూడదు. నిర్ణయానికి ముందు కారణం ఒక వాక్యంలో రాయాలి, అందులో అంకె ఉండకూడదు. "పద్ధతి పేరాలు రెండు, సోర్సు చెప్పకుండా, ఒక వెబ్‌సైట్ నుంచి" అన్నది కారణం. "46 ఉంది" అన్నది కారణం కాదు.

ఒక్కసారి కూర్చుంటే పాతికకు మించి నేను చూడను. అన్నీ అయ్యాక మొదటి పది, పాత నిర్ణయం కనబడకుండా, మళ్లీ చూస్తాను. ఒకటి మారితే సరే. రెండు, మూడు మారాయంటే మొదటి రోజువన్నీ తిరిగి చూడాల్సిందే. పోయినసారి 168 చూశాక ఆ పదిలో నాకు మూడు మారాయి, ఒక శనివారం పోయింది.

అరుదైనవి

అక్షరాల మధ్య తెల్లరంగు అక్షరాలు దాచడం, ఇంగ్లీషు "a" బదులు రష్యన్ అక్షరం పెట్టడం, పేజీలను ఫొటోలుగా అతికించడం: పేజీ నిండా రాత ఉండి పదాల సంఖ్య విచిత్రంగా ఉంటే తెలిసిపోతుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే తెల్ల అక్షరాలు, ఫొటో పేజీలు బయటపడతాయి. రష్యన్ అక్షరం కంటికి తేడా తెలియదు, ఆ మాటను మామూలు "a"తో టైప్ చేసి వెతికితే దొరకదు. ఆరేళ్లలో రెండుసార్లు చూశాను. వీటికోసం ప్రతి రిపోర్టునూ గాలించకండి.