9 శాతం డివిడెండ్ చూసి షేరు కొనేముందు

తిరుపతిలో మా బాబాయి డివిడెండ్ యీల్డ్ 9 శాతం ఉందని రిటైర్మెంట్ డబ్బుతో ఒక షేరు కొనబోయారు. షేరు ధర 200 రూపాయలు, కంపెనీ ఏడాదికి ఒక్కో షేరుకు పంచే డివిడెండ్ 18, అంటే ధరలో 9 శాతం. ఏడాది కిందట ధర 360, అప్పుడు అదే 18కి యీల్డ్ 5 శాతమే. అంటే డివిడెండ్ పెరగలేదు, ధర పడింది.

తర్వాత ఒక్కో షేరుకు లాభం చూశాం, 15 రూపాయలే! 15 సంపాదించి 18 పంచితే పేఅవుట్ రేషియో 120 శాతం. పై 3 రూపాయలు పాత నిల్వల నుంచో అప్పు నుంచో రావాలి. మామిడికాయలు చాలక చెట్టు కొమ్మలు కూడా అమ్ముకున్నట్టే.

ఒక్క ఏడాది ఇలా జరిగితే టెన్షన్ అక్కర్లేదు, అందుకే ఐదేళ్ల లెక్క తీయండి. లాభం కాగితం మీదే ఉండొచ్చు కాబట్టి క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ కూడా తెరవండి. వ్యాపారంలో వచ్చిన నగదులోంచి మెషిన్లు, భవనాల ఖర్చు తీసేశాక మిగిలింది డివిడెండ్‌కు సరిపోతోందా చూడండి.