కేఫ్‌కి చేరగానే పంపే మెసేజ్ ఎలా ఉండాలంటే

మొదటిసారి కలుస్తున్నప్పుడు "వచ్చేశాను, వెయిటింగ్" అని పంపకండి. అవతలి మనిషి ఏడు రోడ్ల జంక్షన్ ట్రాఫిక్‌లో స్కూటీ మీద ఉంటే, ఆ వెయిటింగ్ అన్న ముక్కే కంగారు పెడుతుంది. ఆలస్యం చేశావన్నట్టు వినిపిస్తుంది మరి.

ముందు లోపలికెళ్లి కూర్చోండి. టేబుల్ ఖాయమయ్యాకే ఇలా పంపండి:

"వచ్చానండి. లోపల కుడివైపు, కిటికీ పక్క టేబుల్. నీలం చొక్కా వేసుకున్నాను. కాఫీ చెప్పుకుని కూర్చుంటాను, మీరు నెమ్మదిగా రండి."

చొక్కా రంగు, టేబుల్ గుర్తు తప్పనిసరి. ఫోటోలో చూసిన మొహాన్ని పదిమందిలో వెతుక్కోవడమే గుమ్మం దగ్గర అసలు ఇబ్బంది. కాఫీ మాట కూడా ఊరికే కాదు, మీరు ఖాళీగా గడియారం చూస్తూ లేరని దాని అర్థం.

అరగంట ముందే చేరిపోతే అప్పుడే పంపొద్దు. అనుకున్న టైముకి ఐదు నిమిషాల ముందు చాలు. లేకపోతే వాళ్లు ఇంట్లోంచి హడావుడిగా బయల్దేరతారు.

పంపాక "ఎక్కడున్నారు?" అని రెండోది వద్దు. వాట్సాప్‌లో ఒక్క టిక్కే ఉంటే మెసేజ్ వాళ్ల ఫోన్‌కి ఇంకా చేరలేదు, డేటా ఆఫ్‌లో ఉండొచ్చు. టైము దాటి పది నిమిషాలైతే ఒక్కసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే బండి మీద ఉన్నారేమో, వరసపెట్టి చేయకండి. నవ్వు బొమ్మ పెట్టాలనిపిస్తే ఒకటి పెట్టండి, గుండె బొమ్మ మాత్రం వద్దు.