క్లెయిమ్ తిరస్కరణపై అప్పీలు: మెయిల్ పంపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వానలు మొదలైన నాటి నుంచి దసరా దాటే దాకా మన ఊళ్ల ఆసుపత్రుల్లో జ్వరాల వార్డులు నిండిపోతాయి. ఆ తరువాత నెలా రెండు నెలలకు బీమా సంస్థల నుంచి తిరస్కరణ లేఖలు రావడం మొదలవుతుంది. వాటిలో తరచుగా కనిపించే కారణం ఒకటుంది: ‘రోగిని ప్రధానంగా పరీక్షల కోసమే చేర్చారు, ఈ వైద్యం ఔట్ పేషెంటుగా కూడా జరిగేది, కాబట్టి Excl04 అనే మినహాయింపు క్లాజు కింద క్లెయిము చెల్లదు’ అని. ఇలాంటి లేఖ అందినప్పుడు అప్పీలు మెయిలును ఏ క్రమంలో సిద్ధం చేయాలో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో మా ఇంట్లో జరిగిన ఒక క్లెయిము ఆధారంగా వివరిస్తాను.

మా బావమరిది సెప్టెంబరులో డెంగీతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చేరిన రోజు ప్లేట్‌లెట్లు 96,000 ఉండగా మూడో రోజుకు 41,000కు పడిపోయాయి. వాంతులు ఆగకపోవడంతో రెండున్నర రోజులపాటు సెలైన్ ఎక్కించారు. బిల్లు 72,600 రూపాయలు అయింది. క్యాష్‌లెస్ దొరకనందున బిల్లు మేమే కట్టి రీయింబర్స్‌మెంటుకు పెట్టుకుంటే, అయిదు వారాలకు పైన చెప్పిన కారణంతోనే తిరస్కరణ లేఖ వచ్చింది. (క్యాష్‌లెస్‌కు అనుమతి రాకపోవడం, క్లెయిము తిరస్కరణకు గురికావడం రెండూ ఒకటి కావు. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన చాలామంది అసలు క్లెయిమే పెట్టకుండా ఊరుకుంటారు, అది తమ చేతులారా చేసుకునే నష్టం.)

లేఖ రాగానే కోపంతో జవాబు రాయకూడదు. మొదట చూడవలసింది, అందులో పాలసీ క్లాజు స్పష్టంగా ఉన్నదా లేదా అన్నది. క్లెయిమును తిరస్కరించేటప్పుడు దానికి ఆధారమైన షరతును నిర్దిష్టంగా పేర్కొనాలని, ఆ తిరస్కరణకు సంస్థలోని సమీక్షా సంఘం ఆమోదం ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో జారీ చేసిన ఆరోగ్య బీమా మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. కనుక లేఖలో ‘నాట్ పేయబుల్’ అన్న రెండు మాటలే ఉంటే, అప్పీలు రాయడానికి ముందు, ఏ క్లాజు కింద తిరస్కరించారో, సమీక్షా సంఘం ఆమోదం ఏ తేదీన ఇచ్చిందో తెలియజేయమని ఒక చిన్న మెయిలు పంపి జవాబు తెప్పించుకోవాలి. కారణం ఏమిటో తెలియకుండా రాసిన అప్పీలు గురి లేని రాయి.

తరువాతి పని పాలసీ వర్డింగ్స్ పుస్తకాన్ని సంపాదించడం. ఇక్కడ ఒక సూక్ష్మమైన చిక్కు ఉంది. పాలసీ ఏటా రెన్యువల్ అవుతుంది, మధ్యలో షరతులు మారుతుంటాయి, సంస్థ వెబ్‌సైటులో కనిపించేది సాధారణంగా తాజా ప్రతి. మనకు వర్తించేది మాత్రం ఆసుపత్రిలో చేరిన నాటికి అమల్లో ఉన్న ప్రతి. పాలసీ షెడ్యూలు మీద ముద్రించిన యూఐఎన్ అనే సంఖ్య వర్డింగ్స్ పేజీల మీద కూడా ఉంటుంది. ఆ రెండూ అక్షరం తేడా లేకుండా సరిపోతేనే అందులోని క్లాజును ఉటంకించాలి. ఉద్యోగ సంస్థ ఇచ్చిన గ్రూప్ పాలసీ అయితే షరతుల ప్రతిని హెచ్‌ఆర్ వారి వద్ద అడిగి తీసుకోవాలి.

ఇక అసలు క్లాజు. Excl04లో రెండు వాక్యాలున్నాయి. కేవలం రోగనిర్ధారణ, పరిశీలనల కోసమే ప్రధానంగా జరిగిన అడ్మిషన్ ఖర్చులు చెల్లవని మొదటిది చెబుతుంది. ప్రస్తుత రోగానికి, దాని చికిత్సకు సంబంధం లేని పరీక్షల ఖర్చులు చెల్లవని రెండోది చెబుతుంది. మొదటి వాక్యంలోని ‘ప్రైమరీలీ’, ‘ఓన్లీ’ అన్న రెండు పదాల మీదే మన వాదన నిలుస్తుంది. చికిత్స జరిగిందని రుజువైతే అది పరీక్షల కోసమే జరిగిన అడ్మిషన్ కాదు. అయితే అంతటితో సరిపోదు, ఎందుకంటే ‘ఇంట్లో ఉండి కూడా ఈ చికిత్స తీసుకోవచ్చు కదా’ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబు అదే పుస్తకంలో, నిర్వచనాల విభాగంలో, ‘మెడికల్లీ నెసెసరీ ట్రీట్‌మెంట్’ అన్న చోట దొరుకుతుంది. ఆ నిర్వచనం ప్రకారం చికిత్స గానీ ఆసుపత్రిలో ఉండటం గానీ రోగానికి అవసరమైనదై ఉండాలి, అవసరానికి మించినది కాకూడదు, వైద్యుడు రాసినదై ఉండాలి, వైద్యవర్గం అంగీకరించిన ప్రమాణాలకు లోబడి ఉండాలి. అప్పీలులో ఈ నాలుగింటికీ ఒక్కొక్క కాగితం చూపగలిగితే చాలు. క్లాజును ఉటంకించేటప్పుడు సొంత మాటల్లో చెప్పకుండా, పుస్తకంలో ఉన్న ఇంగ్లిషు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా, పేజీ సంఖ్యతో సహా టైపు చేయాలి.

మా విషయంలో తిరస్కరణకు మూలం ఎక్కడుందో వెతికితే డిశ్చార్జి సమ్మరీలో దొరికింది. ‘అడ్మిటెడ్ ఫర్ ఎవాల్యుయేషన్ అండ్ మేనేజ్‌మెంట్’ అని అందులో ఒక వాక్యం ఉంది. చాలా ఆసుపత్రుల్లో ప్రతి రోగికీ అలవాటుగా టైపు చేసే వాక్యమిది. బీమా సంస్థ తన లేఖలో ఎవాల్యుయేషన్ వరకే చదివి, మేనేజ్‌మెంట్ అన్న మాటను వదిలేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజునే సమ్మరీని ఒకసారి చదువుకొని, ఏ లక్షణాలతో చేర్చుకున్నారో, ఏ చికిత్స ఇచ్చారో అందులో ఉన్నదో లేదో చూసుకొని ఉంటే ఈ తంటా తప్పేది.

తిరస్కరణ వచ్చిన తరువాత మాత్రం ఆ సమ్మరీని మార్పించి కొత్తది తెప్పించే ప్రయత్నం చేయకూడదు. ఒకే అడ్మిషనుకు రెండు రకాల సమ్మరీలు కనిపిస్తే మన నిజాయతీ మీదే అనుమానం వస్తుంది. దానికి బదులు చికిత్స చేసిన వైద్యుని వద్ద, పత్రం రాసే రోజు తేదీతోనే ఒక వివరణ పత్రం తీసుకోవాలి. ఏ కారణాల వల్ల ఇంట్లో వైద్యం సురక్షితం కాదని భావించారో ఆయన అందులో రాయాలి. మా డాక్టరు గారు ఆగని వాంతులు, కడుపునొప్పి, ప్లేట్‌లెట్లు వేగంగా తగ్గుతుండగా రక్తం చిక్కబడటాన్ని చూపే హిమటోక్రిట్ పెరగడం అన్న మూడింటిని పేర్కొన్నారు. ఇవి డెంగీలో ప్రమాద సూచనలుగా వైద్యులు గుర్తించినవే. ఆ పత్రంలోని ప్రతి మాటా కేసు షీటులో ఉన్నదై ఉండాలి. కేసు షీటులో లేని రక్తస్రావాన్ని సానుభూతితో పత్రంలో చేర్చితే ఆ ఒక్క మాటతో మొత్తం అప్పీలు బలహీనపడుతుంది.

కేసు షీటు అంటే డిశ్చార్జి సమయంలో ఇచ్చే ఫైలు కాదు. నర్సులు గంట గంటకూ రాసిన జ్వరం, బీపీ పట్టిక, ఎక్కించిన సెలైన్ల లెక్క, ఇచ్చిన మందుల చార్టు, డాక్టరు రౌండ్సులో రాసిన నోట్సు కలిసిన కట్ట. అది మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఉంటుంది. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నిబంధనలు చెబుతున్నాయి. మాకు అందిన కట్టలో రెండో రోజు రాత్రి 11 గంటలకు ‘వామిటింగ్ మూడుసార్లు, నోటి ద్వారా ఏమీ నిలవడం లేదు, సెలైన్ కొనసాగించాలి’ అన్న అర్థం వచ్చే గొలుసుకట్టు రాత ఒకటి ఉంది. మా వాదన అంతటికీ బలం ఆ ఒక్క పంక్తి. దాని పేజీ సంఖ్యను మెయిలులో ప్రత్యేకంగా పేర్కొన్నాము.

జత చేసే కాగితాలు చదివేవారికి ఏ వరుసలో అవసరమో ఆ వరుసలోనే ఉండాలి. ఫైలు పేరు ముందు అంకె పెడితే అవతలివారు ఏ కంప్యూటరులో తెరిచినా వరుస చెదరదు.

```
00_Index.pdf
01_Rejection_Letter.pdf
02_Policy_Schedule_and_Clauses.pdf
03_Discharge_Summary.pdf
04_Doctor_Certificate.pdf
05_Case_Sheet.pdf
06_Lab_Reports_Datewise.pdf
07_Bills_and_Receipts.pdf
```

మొదటిది ఒక్క పేజీ సూచిక. ఏ ఫైలులో ఏముందో, అది ఏ విషయాన్ని రుజువు చేస్తుందో అందులో ఒక్కొక్క వాక్యంలో రాయాలి. పాలసీ పుస్తకం మొత్తాన్ని కాక, షెడ్యూలును, ఉటంకించిన పేజీలను మాత్రమే జతపరచాలి. ల్యాబ్ రిపోర్టులను తేదీల వారీగా పేర్చి, ప్లేట్‌లెట్ల సంఖ్యలను సూచిక కింద చిన్న పట్టికగా ఇస్తే అవి పడిపోయిన తీరు ఒక్క చూపులో తెలుస్తుంది. ఫోనుతో తీసిన ఫొటోలను విడివిడిగా పంపకుండా నిటారుగా, మూలలు తెగకుండా స్కాన్ చేసి పీడీఎఫ్‌గా మార్చాలి. జీమెయిలులో జతపరచగలిగేది మొత్తం 25 ఎంబీ వరకే. అవతలి సర్వరు అంతకన్నా తక్కువే అనుమతించవచ్చు కాబట్టి 10 ఎంబీ లోపు ఉంచడం మంచిది. డ్రైవ్ లింకు పంపవద్దు. రేపు అది తెరుచుకోలేదన్నా, అందులోని ఫైలు మారిందన్నా మన దగ్గర రుజువు ఉండదు.

మెయిలును కస్టమర్ కేర్ చిరునామాకు కాక, సంస్థ గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసరుకు పంపి, టీపీఏ ఉంటే వారికి కాపీ పెట్టాలి. టీపీఏ కాగితాలను పరిశీలించే మధ్యవర్తి మాత్రమే, క్లెయిము మీద నిర్ణయం బీమా సంస్థది. సబ్జెక్టు పంక్తిలో ఆవేదన అక్కరలేదు, సంఖ్యలు చాలు.

```
Appeal against rejection - Policy No. ____ - Claim No. ____ - Excl04
```

మెయిలు మొదటి పేరాలో తిరస్కరణ లేఖ తేదీ, అందులోని కారణం, మీరు కోరుతున్న మొత్తం ఉండాలి. రెండో పేరాలో క్లాజు పాఠం, మూడో దానిలో అది ఎందుకు వర్తించదో ఫైలు సంఖ్య, పేజీ సంఖ్యలతో సహా రాయాలి. చివర, తిరస్కరణను కొనసాగించదలిస్తే ఈ ఆధారాల్లో ఏది ఎందుకు చాలదో రాతపూర్వకంగా తెలపమని కోరాలి. ‘పదేళ్లుగా ప్రీమియం కడుతున్నాము’ అన్నది నిజమే అయినా Excl04కు జవాబు కాదు. రాయాలనే అనిపిస్తుంది, నేనూ రాశాను, పంపే ముందు కొట్టేశాను. అలాగే కాగితాలను నాలుగు మెయిళ్లలో విడతలుగా పంపకూడదు. పొరపాటున ఏదైనా మిగిలిపోతే అదే థ్రెడ్‌లో, తరువాతి అంకెతో పంపాలి.

ఫిర్యాదును రెండు వారాల్లో పరిష్కరించవలసిన బాధ్యత సంస్థ మీద ఉంది. మాకు పదకొండో రోజున జవాబు వచ్చింది. గ్లౌజులు, సిరంజిల వంటి వాటికి 5,750 రూపాయలు తగ్గించి, మిగిలిన 66,850 చెల్లించారు.

మళ్లీ తిరస్కరించినా, నెల దాటినా జవాబు రాకున్నా, బీమా ఫిర్యాదులను విచారించే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల రూపాయల వరకు విచారిస్తారు. అయితే అదే వివాదం వినియోగదారుల కమిషన్‌లో నడుస్తుంటే అక్కడ తీసుకోరు, తిరస్కరణ తరువాత ఏడాది దాటినా తీసుకోరు. అక్కడికి ఫిర్యాదు పంపేటప్పుడు ఇవే ఎనిమిది ఫైళ్లకు, పంపిన మెయిలు ప్రతిని, దానికి వచ్చిన టికెట్ నంబరు జవాబును 08గా చేర్చాలి. కాబట్టి మెయిలు పంపిన రోజునే ఆ రెండింటినీ పీడీఎఫ్‌గా తీసి అదే ఫోల్డరులో ఉంచుకోవాలి.